బొమ్మ రోడ్డు దాటినా బాబు దాటక్కర్లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అబ్బాయికి పన్నెండేళ్లు. సాయంత్రం బీచ్ రోడ్డుకు తీసుకెళ్తే నా ఫోన్‌లో పోకెమాన్ గో ఆడతాడు. రెండు గంటల్లో నూరు శాతం ఛార్జింగ్ నలభై ఐదుకి దిగిపోతోంది. ఫోన్ కొని మూడేళ్లయింది. జీపీఎస్ ఆపేస్తే కాస్త మిగులుతుందా? ఇంకో వింత ఏంటంటే ఇంట్లో కదలకుండా కూర్చున్నా ఆటలో వాడి బొమ్మ దానంతట అదే వీధి దాటి పరిగెత్తుతుంది. అన్నిటికంటే వాడు ఫోన్‌లోకి చూస్తూ నడుస్తుంటే నాకు టెన్షన్. వాళ్ల నాన్నేమో స్కూటీ మీద కూర్చోబెట్టుకుని తిప్పుతానంటారు. వాడి ఫ్రెండ్ ఇంట్లోంచే ఆడుకునే యాప్ ఏదో చెప్పాడట. అసలు మాన్పించేయమంటారా?
– ఒక తల్లి

జవాబు:

అమ్మా, మాన్పించక్కర్లేదు. పోకెమాన్ గో అంటే నిజంగా వీధుల్లో నడుస్తూ, ఫోన్ మ్యాప్‌లో కనబడే పోకెమాన్ అనే బొమ్మ జీవుల్ని పట్టుకునే ఆట. ఆడే పద్ధతి మాత్రం మార్చాలి. నడిచేటప్పుడు తెర చూడకూడదు, తెర చూసేటప్పుడు నడవకూడదు. ఈ ఒక్క అలవాటు పడితే మీ టెన్షన్ తగ్గుతుంది, ఛార్జింగూ చాలావరకు మిగులుతుంది. ఈ ఆటను అలా ఆడే వీలు ఉంది కూడా. చాలామంది పిల్లలకు ఆ సంగతి తెలియక, ఒక్క క్షణం ఆలస్యమైతే పోకెమాన్ పోతుందేమోనని తల వంచుకుని పరుగులు పెడతారు.

ముందు బొమ్మ ఎందుకు పరిగెత్తుతుందో చెబుతాను. మిగతాదంతా దానిమీదే ఆధారపడి ఉంది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఒక్కో ఉపగ్రహం సంకేతం తనకు చేరడానికి ఎంత సమయం పట్టిందో చూసి, దాన్నిబట్టి ఫోన్ తాను ఎక్కడ ఉందో లెక్క కడుతుంది. ఈ లెక్కలో సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పు వస్తుంది. నెత్తిమీద ఆకాశం విశాలంగా కనబడే చోట మామూలు ఫోన్ కూడా 5 మీటర్ల తేడాతో సరిగ్గానే చెబుతుంది. ఇంట్లో అలా కుదరదు. అంత దూరం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. శ్లాబు, గోడలు దాటేసరికి దాదాపు ఏమీ మిగలదు. కిటికీలోంచి వచ్చేది కూడా నేరుగా రాదు, ఎదురింటి గోడకు తగిలి వస్తుంది. ఆ చుట్టుదారి పొడవును ఫోన్ అసలు దూరంగానే లెక్కేసుకుంటుంది. మరుసటి సెకనులో ఇంకో ఉపగ్రహం సంకేతం దొరికితే లెక్క మారిపోతుంది. ఫోన్ కదలలేదు, దాని అంచనా కదిలింది. ఆట మాత్రం అంచనా మారిన ప్రతిసారీ బొమ్మను అక్కడికి పరిగెత్తిస్తుంది. మీరు చూసిన వింత ఇదే. ఫోన్ పాడైందని భయపడకండి.

ఇంట్లో అయితే దీనివల్ల నష్టమేమీ లేదు. బయట అలా కాదు. జగదాంబ, డాబాగార్డెన్స్ లాంటి చోట్ల రెండు వైపులా ఎత్తైన భవనాలుంటాయి. అక్కడ ఇదే తప్పు పదుల మీటర్లకు పెరగొచ్చు. పిల్లవాడు రోడ్డుకు ఈ పక్కన నిలబడి ఉంటాడు, మ్యాప్‌లో బొమ్మ అవతల ఉంటుంది. అది వెనక్కి వస్తుంటే వాడు ముందుకు అడుగేస్తాడు. కళ్లు మ్యాప్ మీద, కాళ్లు రోడ్డు మీద. నాకు ఈ ఆటలో భయం వేసేది ఇక్కడే. అందుకే ఆడటానికి ఇరుకు వీధుల కంటే మీరు వెళ్తున్న బీచ్ రోడ్డు చాలా నయం. తూర్పున సముద్రం తప్ప అడ్డు లేదు, ఉపగ్రహాలు బాగా అందుతాయి.

ఇప్పుడు బీచ్ రోడ్డు సంగతే తీసుకుందాం. సముద్రం వైపు కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం మ్యూజియం ఉంది. మీరు కురుసుర పక్క కాలిబాట మీద ఉన్నారు. మ్యాప్‌లో అవతలి కాలిబాట మీద ఒక పోకెస్టాప్, అంటే ఆటకు కావలసిన వస్తువులు దొరికే చోటు, కనబడిందనుకోండి. పిల్లవాడు వెంటనే రోడ్డు దాటుదామంటాడు. అవసరం లేదు. మొదట్లో పోకెస్టాప్ అందాలంటే 40 మీటర్ల లోపు ఉండాల్సి వచ్చేది. 2020లో కరోనా సమయంలో ఆ దూరాన్ని 80 మీటర్లకు పెంచారు. 2021లో మళ్లీ తగ్గించబోతే ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు, దాంతో 80నే ఉంచేశారు. పోకెమాన్‌ల మధ్య పోటీలు జరిగే జిమ్‌లకూ అంతే. రెండు వైపుల రోడ్డు, మధ్యలో డివైడర్, కాలిబాటలు అన్నీ కలుపుకొని 40 మీటర్లు అనుకున్నా, దానికి జీపీఎస్ తప్పు ఇంకో 10 మీటర్లు వేసుకున్నా 50 అవుతుంది. 80 లోపే ఉన్నారు కదా! అంటే ఎదురుగా ఉన్న స్టాప్ కోసం రోడ్డు దాటాల్సిన పనే లేదు.

అందిందో లేదో కంటితోనే తెలుస్తుంది. దూరంగా ఉన్నప్పుడు పోకెస్టాప్ నీలం రంగు చిన్న డబ్బాలా కనబడుతుంది. దగ్గరికి రాగానే విచ్చుకుని గుండ్రని బిళ్లలా మారుతుంది. విచ్చుకుంటే నిలబడ్డ చోటి నుంచే తిప్పుకోవచ్చు. విచ్చుకోకపోతే ఇదే కాలిబాట మీద ఇంకొంచెం ముందుకు నడిచి చూడమనండి. అప్పటికీ అందకపోతే వదిలేయాలి. బాబుతో ఈ ఒప్పందం ఇంట్లోనే చేసుకోండి, అక్కడికి వెళ్లాక బేరాలు కుదరవు.

ఇంకో సంగతి వాడికి మీరే చూపించండి. మ్యాప్‌లో పోకెమాన్‌ను ఒకసారి నొక్కి, దాన్ని పట్టుకునే తెర తెరుచుకున్నాక, మీరు అక్కడి నుంచి కదిలినా ఆ తెర మూసుకుపోదు. పక్కకు జరిగి, గోడ వారగానో బెంచీ దగ్గరో నిలబడి తీరిగ్గా బంతి వేయొచ్చు. నొక్కకముందు కూడా అంత కంగారు అక్కర్లేదు. దారిలో మామూలుగా కనబడే పోకెమాన్ చాలావరకు అరగంట దాకా అక్కడే ఉంటుంది. ఈ రెండూ అర్థమైతే నడిరోడ్డు మీద ఆగిపోవడం, దారిన పోయేవాళ్లను గుద్దుకోవడం తగ్గిపోతాయి.

పట్టుకునే తెరలో పైన కుడివైపు AR అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేయండి. అది ఉంటే ఫోన్ కెమెరా తెరుచుకుని, పోకెమాన్ నిజంగా మన ముందు నేల మీద ఉన్నట్టు చూపిస్తుంది. బావుంటుంది, కాదనను. కానీ బొమ్మ తెరలో సరిగ్గా ఇమడాలని పిల్లలు వెనక్కి వెనక్కి అడుగులేస్తారు. ఆర్కే బీచ్‌లో వెనక ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు, అక్కడి అలలు నమ్మదగినవి కావు. పోకెమాన్ నీళ్ల వైపు కనబడితే దాని జోలికి పోవద్దని, తడి ఇసుక దాకా కూడా వెళ్లొద్దని ముందే చెప్పండి. కెమెరా ఆగిపోతే బ్యాటరీకి కూడా పెద్ద భారం తగ్గుతుంది.

ఇక ఛార్జింగ్ గురించి. జీపీఎస్ ఆపేస్తే ఆటే నడవదు, తెర మీద GPS signal not found అని వస్తుంది. నిజానికి దోషం జీపీఎస్‌ది కాదు. అది తినే కరెంటు కొంచెమే. ఎక్కువ తినేది వెలుగుతున్న తెర. దాని తర్వాత మ్యాప్‌నూ బొమ్మలనూ క్షణక్షణం గీస్తూ ఉండే ప్రాసెసర్, ఆగకుండా సర్వర్‌తో మాట్లాడే మొబైల్ డేటా. ఆదివారం బీచ్ జనంతో కిక్కిరిసినప్పుడు నెట్‌వర్క్ బలహీనపడి డేటా ఖర్చు ఇంకా పెరుగుతుంది. మీ ఫోన్‌కు మూడేళ్లన్నారు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అయినా ఈపాటికి 4,000 దగ్గర పనిచేస్తుండవచ్చు. ఆ లెక్కన గంటకు ఇరవై ఐదు, ఇరవై ఎనిమిది శాతం దిగడం పెద్ద వింతేమీ కాదు. తగ్గించడానికి మాత్రం చోటుంది.

ఆట సెట్టింగ్స్‌లో Battery Saver అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, ఆట తెరిచి ఉంచే ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే తెర నల్లబడిపోతుంది. ఆట మాత్రం నడుస్తూనే ఉంటుంది, నడిచిన దూరం లెక్కకొస్తూనే ఉంటుంది. Vibration కూడా ఆన్ చేస్తే దగ్గర్లో పోకెమాన్ వచ్చినప్పుడు ఫోన్ వణుకుతుంది. ఇప్పుడు మీ అబ్బాయి నడక ఎలా ఉంటుందో చూడండి. చేయి కిందికి వేలాడేసి, ఫోన్ తల నేల వైపు పెట్టి, మామూలుగా ముందుకు చూస్తూ నడుస్తాడు. ఫోన్ వణికితే కాలిబాట వారకు జరిగి ఆగుతాడు. ఆగాక ఫోన్ తిప్పి చూస్తాడు. పట్టుకోవడం అయ్యాక మళ్లీ తిరగేసి నడుస్తాడు. తెర వెలిగేది ఆగి ఉన్నప్పుడే. రెండు గంటల నడకలో తెర అరగంటో ముప్పావుగంటో వెలిగితే ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. ఫోన్ చేతిలోంచి జారకుండా, ఎవరూ లాక్కుపోకుండా మణికట్టుకు తగిలించుకునే తాడు ఒకటి కొనండి.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఆటలోని Battery Saver వేరు, ఫోన్‌లో ఉండే బ్యాటరీ సేవర్ వేరు. ఫోన్‌ది ఆన్ చేస్తే కొన్ని ఫోన్లు లొకేషన్‌ను కూడా తక్కువసార్లు చూస్తాయి. అప్పుడు బొమ్మ ఒకచోట అతుక్కుపోయి, ఒక్కసారిగా ఎగిరి ఇంకోచోట పడుతుంది. ఆడేటప్పుడు ఫోన్‌ది ఆపి, ఆటది ఉంచండి. అలాగే ఆట సెట్టింగ్స్‌లో Native Refresh Rate ఆన్‌లో ఉంటే ఆపేయండి. దానివల్ల బొమ్మలు నున్నగా కదులుతాయి తప్ప ఆటకు లాభం లేదు, ఛార్జింగ్ మాత్రం తింటుంది.

లొకేషన్ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఈ ఆటకు ఇచ్చిన లొకేషన్ అనుమతిలో Use precise location ఆన్‌లో ఉండాలి. అది ఆపి ఉంటే ఆటకు సుమారు చోటు మాత్రమే అందుతుంది. లొకేషన్ పేజీలోనే Google Location Accuracy కూడా ఆన్ చేయండి. ఉపగ్రహాలు సరిగ్గా అందని చోట చుట్టుపక్కల వైఫై, సెల్ టవర్ల సాయంతో ఫోన్ చోటు సరిచూసుకుంటుంది. ఫోన్‌ను జేబులోంచి తీసిన వెంటనే బొమ్మ కాసేపు అటూ ఇటూ తిరిగితే, అది కుదురుకునే దాకా నిలబడి ఉండటమే మంచిది. దాని వెంట నడవకూడదు.

తేడా నిజంగా ఎంత వచ్చిందో కొలిచి చూడండి. నూరు శాతంతో బయల్దేరి అరగంట ఆడాక ఎంత ఉందో రాసుకోండి. మర్నాడు అదే చోట, అదే వేళ, ఒక్క మార్పుతో ఆడి మళ్లీ రాయండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీకి వెళ్తే ఏ యాప్ ఎంత తిన్నదో ఉంటుంది. అందులో ఈ ఆటతో పాటు వేరే యాప్ ఏదైనా పైన కనబడితే అసలు దొంగ అదే కావచ్చు. ఇవన్నీ చేసినా గంటకు ఇరవై ఐదు దాటి దిగుతుంటే, లేదా ముప్పై శాతం దగ్గర ఫోన్ హఠాత్తుగా ఆగిపోతుంటే, బ్యాటరీ పాతబడినట్టే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మార్పించండి.

పవర్ బ్యాంక్ కొందామనుకుంటే దాని మీద చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ చూడండి. 10,000 ఎంఏహెచ్ అని పెద్దగా రాసి ఉన్నా, లోపలి బ్యాటరీ వోల్టేజిని ఫోన్‌కు కావలసిన 5 వోల్టులకు పెంచేటప్పుడు లెక్క మారుతుంది, కొంత వేడిగానూ పోతుంది. చేతికి అందేది 6,000 దగ్గర ఉంటుంది. మీ ఫోన్‌ను ఒకసారి నింపి ఇంకొంచెం మిగులుతుంది, మీకు అది చాలు. ఎండలో ఆడుతూ ఛార్జింగ్ పెట్టొద్దు. తెర వేడి, ప్రాసెసర్ వేడి, ఛార్జింగ్ వేడి అన్నీ కలిసి బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. నీడలో కూర్చున్నప్పుడు ఆట మూసి ఛార్జింగ్ పెట్టండి. కమ్యూనిటీ డే అని నెలలో ఒక రోజు పెద్ద సందడి చేస్తారు. అది మామూలుగా మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఉంటుంది. మే నెలలో ఆ వేళకు పిల్లవాణ్ణి బీచ్‌కు తీసుకెళ్లకండి. చెట్ల నీడ ఉన్న పార్కులో ఒక గంట ఆడితే చాలు.

స్కూటీ విషయంలో మాత్రం నా మాట గట్టిగా ఉంటుంది. వద్దు. లాభం కూడా లేదు. వేగం గంటకు సుమారు 10 కిలోమీటర్లు దాటితే ఆటలో నడిచిన దూరం లెక్కకు రాదు. ఇంకా వేగంగా వెళ్తే ప్రయాణికుణ్ణి అని ఒప్పుకోమంటూ తెర మీద హెచ్చరిక వస్తుంది. వెనక కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడు రెండు చేతులతో ఫోన్ పట్టుకుంటే స్కూటీని దేనితో పట్టుకుంటాడు? నడిపే మనిషి కూడా ఒక కన్ను మ్యాప్ మీద వేస్తే అంతకంటే ప్రమాదం. 2016 ఆగస్టులో జపాన్‌లోని తొకుషిమాలో ఈ ఆట ఆడుతూ బండి నడిపిన డ్రైవర్ ఇద్దరు మహిళలను ఢీకొట్టాడు, వారిలో ఒకరు చనిపోయారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు ఇండియానా రాష్ట్రంలోని టిపెకనూ కౌంటీ పోలీసు రికార్డులు తిరగేసి చూస్తే, ఆట వచ్చాక పోకెస్టాప్‌లకు దగ్గరగా ఉన్న కూడళ్లలో ప్రమాదాలు పెరిగాయని తేలింది. మన చట్టంలోనూ బండి నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకుని వాడితే, మొదటిసారి దొరికినప్పుడే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, జైలుశిక్షకూ వీలుంది. ఇది బాబు నాన్నగారికి మీరు చెబితే వినకపోతే నా మాటగా చదివి వినిపించండి. ఆయన స్కూటీని బీచ్ దగ్గర పార్క్ చేసి వాడితో పాటు నడిస్తే చాలా బాగుంటుంది.

ఆ ఫ్రెండ్ చెప్పిన యాప్ సంగతి. అది ఫోన్‌కు దొంగ లొకేషన్ ఇచ్చే యాప్ అయి ఉంటుంది. చాలాసార్లు ఆట దాన్ని పసిగట్టి Failed to detect location (12) అని చూపించి ఆగిపోతుంది. పసిగట్టకపోయినా తర్వాత శిక్ష ఉంటుంది. మొదటిసారి హెచ్చరిక, ఏడు రోజుల పాటు ఆటలో కొన్ని దొరకవు. రెండోసారి ముప్పై రోజులు ఖాతా మూత. మూడోసారి ఖాతా శాశ్వతంగా పోతుంది. పిల్లవాడు ఎన్నాళ్లుగానో కూడబెట్టుకున్నదంతా పోతుందని తెలిస్తే వాడే ఒద్దంటాడు. పైగా అలాంటి యాప్‌లు చాలావరకు ప్లేస్టోర్ బయటి నుంచి దింపుకోమంటాయి. మీ బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌లో అలాంటిది అసలు పెట్టనివ్వకండి. ఇప్పటికే పెట్టి ఉంటే తీసేసి, ఫోన్ సెట్టింగ్స్‌లోని Developer options లో Select mock location app దగ్గర ఏదీ ఎంచి లేకుండా చూడండి.

చివరగా చిన్న మాట. అది మీ ఫోన్ కాబట్టి ఛార్జింగ్ ముప్పై శాతానికి రాగానే ఆట ఆపి ఇంటిదారి పట్టాలని బాబుతో ముందే అనుకోండి. బయట ఉన్నప్పుడు ఇంటికి ఫోన్ చేయడానికి, ఆటో పిలవడానికి మీకు అది కావాలి. హెడ్‌ఫోన్స్ ఇవ్వకండి. ఈ ఆటకు శబ్దం అక్కర్లేదు, వెనక వచ్చే బండి హారన్ మాత్రం వాడికి వినబడాలి.